గణితంలో ప్రేరణపై సినాప్సిస్: రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఎక్కడ తప్పు?

సుజాత_9బి · జూన్ 22, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరాను. హైస్కూలు పిల్లల్లో గణితం పట్ల ప్రేరణ మీద చేద్దామనుకుంటున్నాను. గైడ్‌గారు సినాప్సిస్ రెండుసార్లు తిప్పి పంపారు. రెండోసారి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ పక్కన ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క ముక్క రాశారు: "ఇందులో సమస్య ఎక్కడుంది?"

నేను రాసింది ఇది:

"నేటి పోటీ ప్రపంచంలో గణితం ఎంతో ముఖ్యమైనది. అయినా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల్లో గణితం పట్ల ప్రేరణ తక్కువగా ఉంది. అందువల్ల వారు గణితంలో వెనుకబడుతున్నారు. కాబట్టి వారి ప్రేరణను అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది."

పరిశోధన ప్రశ్నలు:

1. హైస్కూలు విద్యార్థుల్లో గణితం పట్ల ప్రేరణ ఏ స్థాయిలో ఉంది?
2. ప్రేరణపై లింగం, ప్రాంతం, మాధ్యమం, యాజమాన్యం ప్రభావం ఎంత?
3. గణిత సాధనపై ప్రేరణ ప్రభావం ఏమిటి?
4. ప్రేరణ పెంచడానికి ఉపాధ్యాయులు ఏం చేయాలి?

మా బ్యాచ్‌లో ఇంచుమించు అందరూ ఇలాగే రాశారు. మరి నాదే ఎందుకు వెనక్కి వస్తోందో అర్థం కావడం లేదు.

---

రమణ_ఎంఎడ్ · జూన్ 22, రాత్రి 10:25

మేడమ్, మీకు పరికల్పనలు లేవు, అదే లోటు. ప్రతి ఉద్దేశానికీ ఒక శూన్య పరికల్పన ఉండాలి. "బాలబాలికల గణిత ప్రేరణలో సార్థకమైన తేడా లేదు" అన్నట్టు. చరాలు కూడా నాలుగే ఉన్నాయి. తల్లిదండ్రుల చదువు, ఆదాయం, కుటుంబంలో ఎన్నో సంతానం అనేవి కలపండి. శాంపిల్ 600 పెట్టండి. సాధనా ప్రేరణ స్కేలు రెడీమేడ్‌గా దొరుకుతుంది. నా ఎంఎడ్ డిసర్టేషన్ ఇదే పద్ధతిలో ఒక్కసారికే ఓకే అయింది.

---

పదోతరగతి_అమ్మ · జూన్ 23, ఉదయం 6:40

మా బాబు ఈ ఏడాది పదో తరగతి. లెక్కలంటేనే పారిపోతున్నాడు. 35 మార్కులు వచ్చినా చాలనుకునే పరిస్థితి. ఇంట్రెస్ట్ రావాలంటే ఏం చేయాలో ఇక్కడి టీచర్లు ఎవరైనా చెప్పగలరా?

---

డైట్_పాతకాపు · జూన్ 23, ఉదయం 8:15

అమ్మా, ఇక్కడ నడుస్తున్నది వేరే సంగతి. మీ బాబు గురించి విడిగా రాస్తే తప్పకుండా మాట్లాడుకుందాం.

సుజాతగారూ, పరికల్పనలు తర్వాత. ముందు మీ నాలుగు వాక్యాల్లో "గణితం" తీసేసి "ఇంగ్లిష్" పెట్టి చదవండి. తర్వాత "సైన్స్" పెట్టండి. ఏ వాక్యమూ కదలదు. గైడ్‌గారు అడిగింది అదే అనుకుంటాను. "ప్రేరణ తక్కువగా ఉంది" అని స్టేట్‌మెంట్లోనే తేల్చేశారు, మళ్లీ మొదటి ప్రశ్నలో "ఏ స్థాయిలో ఉంది" అని అడిగారు. తక్కువని ముందే తెలిస్తే కొలవడం ఎందుకు? తెలియకపోతే తక్కువని ఎలా రాశారు?

ఒక పని చేయండి. పుస్తకాలు పక్కన పెట్టండి. మీ తరగతి గదిలో "ఇదేంటి ఇలా జరుగుతోంది" అని మీరు ఆగిపోయిన సందర్భం ఒక్కటి చెప్పండి. అభిప్రాయం వద్దు, కళ్లతో చూసింది చెప్పండి.

---

సుజాత_9బి · జూన్ 23, రాత్రి 10:05

సార్, చిన్న విషయమే, సినాప్సిస్‌లో పెట్టే స్థాయిది కాదనుకున్నాను. అడిగారు కాబట్టి చెబుతున్నా.

పోయినేడాది 9బిలో 41 మంది. బహుపదుల్లో హోంవర్క్ ఇస్తే 36 నోటుబుక్కులు వచ్చాయి. దిద్దుతుంటే 27 పుస్తకాల్లో ఒకే తప్పు కనిపించింది: $(2x+3)^2 = 4x^2 + 9$. మధ్య పదం ఎగిరిపోయింది. అది మామూలే అనుకోండి. కానీ వాటిలో కొన్నింటిలో కొట్టివేత కూడా ఒకే చోట ఉంది. మొదట రాసినవాడు 6 అని రాసి కొట్టేసి 9 వేశాడు. వెనకాల చూసి రాసినవాళ్లు ఆ కొట్టివేతనూ వదల్లేదు.

మర్నాడు ఏమీ అనకుండా బోర్డు మీద $(3x+5)^2$ రాసి, ఎవరికివారు కాగితం మీద చేసివ్వమన్నాను. ఆ 27 మందిలో 11 మంది సరిగ్గా చేశారు, మధ్య పదంతో సహా. లెక్క వచ్చినవాళ్లు, తప్పు లెక్కను చూసి రాశారన్నమాట! ఒకడిని పిలిచి అడిగితే, "అందరిదీ ఒకేలా ఉంటే ఎవర్నీ లేపి అడగరు కదా టీచర్" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నా గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

---

డైట్_పాతకాపు · జూన్ 23, రాత్రి 11:20

చిన్న విషయమంటారేమిటండీ, మీ సమస్య ఇదే.

హోంవర్క్ చూసి రాసిన 27 మందినీ మనం స్టాఫ్‌రూంలో ఒకే మాటతో కొట్టిపారేస్తాం, "ఇంట్రెస్ట్ లేదు" అని. మీ కాగితాలు చెబుతున్నది వేరు. అందులో 16 మందికి ఆ రోజు ఆ లెక్క రాలేదు. 11 మందికి వచ్చు, అయినా తమ చేతిని నమ్ముకోలేదు. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ప్రేరణ స్కేలు ఇచ్చి మొత్తం స్కోరు తీస్తే కూడా ఇద్దరూ ఒకే చోట పడొచ్చు. కానీ ఒకడికి కావలసింది మళ్లీ చెప్పడం, రెండోవాడికి కావలసింది తప్పు చేసినా పర్వాలేదన్న ధైర్యం. మనం ఇద్దర్నీ కలిపి రెమెడియల్ క్లాసులో కూర్చోబెడతాం.

ఇప్పుడు "ప్రేరణ" అనే పెద్ద మాటను విప్పాలి. ఎకల్స్, విగ్‌ఫీల్డ్‌ల సిద్ధాంతాన్ని మన భాషలో చెప్పుకుంటే పిల్లవాడు లోపల వేసుకునే ప్రశ్నలు మూడు: ఇది నాకు వస్తుందా, వస్తే నాకేంటి, చేయబోతే నాకు ఏం పోతుంది. మీ 11 మంది మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయారని నా అనుమానం. అనుమానమే సుమండీ. మొదటి ప్రశ్న దగ్గరే ఆగి ఉండొచ్చు కూడా. వచ్చు, కానీ వచ్చని వాడికే నమ్మకం లేదేమో. ఆ రెండింట్లో ఏదన్నది మీకు తెలియదు, నాకూ తెలియదు. ఈ తెలియకపోవడాన్నే స్టేట్‌మెంట్లో రాయాలి.

డెసీ, రయాన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం తీసుకున్నా నడుస్తుంది. రెండూ మాత్రం కలపకండి. రెండు సిద్ధాంతాల నుంచి తలా రెండు ముక్కలు తెచ్చుకున్నవాళ్లు వైవాలో "ఇది ఎందుకు, అది ఎందుకు కాదు" అంటే నీళ్లు నమలడం చూశాను.

---

రమణ_ఎంఎడ్ · జూన్ 24, ఉదయం 7:30

సార్, చెప్పడానికి బాగుంది కానీ కమిటీలో కూర్చునేవాళ్లు నోటుబుక్కు కథలు వినరు. ఉద్దేశాలు, పరికల్పనలు, చరాలు, శాంపిల్ అని వరసగా గళ్లుంటాయి. ఆ గళ్లు నింపకపోతే మూడోసారీ వెనక్కే. పైగా జెండర్ తీసేస్తే ఎలా? అది లేని థీసిస్ నేను చూడలేదు.

---

డైట్_పాతకాపు · జూన్ 24, ఉదయం 9:00

గళ్ల సంగతి మీరు చెప్పింది నిజమే. ఫార్మాట్ అడిగితే పరికల్పనలు రాయాల్సిందే. ప్రశ్న కుదిరితే పరికల్పన అందులోంచే వస్తుంది. ప్రశ్న లేకుండా రాసిన పరికల్పన మాత్రం టీ-టెస్టు చేయడానికి సాకు అవుతుంది. జెండర్ ఉంచండి, ఎందుకు తేడా ఉంటుందనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయగలిగితే. "క్లాసులో లేపి అడగడం ఆడపిల్లలకు ఇంకా ఇబ్బంది, కాబట్టి వాళ్లలో చేయగలిగీ చూసి రాసేవాళ్లు ఎక్కువ ఉండొచ్చు" అంటే అది కారణం. "ఎన్నో సంతానం" అన్నదానికి అలాంటి వాక్యం మీరు రాయగలరా రమణగారూ?

---

పల్లవి_గణాంకం · జూన్ 24, మధ్యాహ్నం 1:10

రెండేళ్ల క్రితం ఎడ్యుకేషన్‌లోనే పీహెచ్‌డీ ముగించాను. ప్రశ్నల్లోని మాటల గురించే చెబుతా.

"ప్రభావం" అన్న మాట మీ ప్రశ్నల్లో రెండుసార్లు ఉంది. మీరు ఒక్కసారి వెళ్లి ప్రశ్నావళి ఇచ్చి, మార్కులు తీసుకొని వస్తారు. ప్రేరణ ఉన్నందుకు మార్కులు వచ్చాయా, మార్కులు వచ్చినందుకు ప్రేరణ పెరిగిందా అన్నది ఆ డేటా చెప్పలేదు. "సంబంధం" అని రాస్తే మీ చేతిలో ఉన్నదానితో జవాబు చెప్పగలరు. "ప్రభావం" అని రాస్తే చెప్పలేరు. 8, 9, 10 తరగతులకు ఒకేసారి స్కేలు ఇచ్చి "ప్రేరణ తగ్గుతూ వస్తోంది" అనడం కూడా ఇదే తప్పు. వాళ్లు ముగ్గురూ వేర్వేరు పిల్లలు, తగ్గిందనాలంటే అదే పిల్లల్ని మళ్లీ చూడాలి.

"ఏ స్థాయిలో ఉంది" ప్రశ్న తీసేయండి. అయిదుకు 3.4 వచ్చిందనుకోండి. ఎక్కువా, తక్కువా? దేనితో పోల్చి చెబుతారు?

నాలుగో ప్రశ్న పరిశోధన ప్రశ్నే కాదు, చివరి అధ్యాయంలో సూచనల కింద వస్తుంది.

600 శాంపిల్ దగ్గర ఒక జాగ్రత్త. 12 బడుల నుంచి 50 మంది చొప్పున తీసుకుంటే పిల్లలు 600 మందే, కానీ బడికొక టీచర్ చొప్పున టీచర్లు 12 మందే. "టీచర్ తప్పును ఎలా తీసుకుంటారు" లాంటి ప్రశ్న వేస్తే మీ శాంపిల్ అసలు 12. ఒకే టీచర్ దగ్గర చదివే 50 మంది ఒకరిలా ఒకరు ఉంటారు, వాళ్లను 50 విడి సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. అందుకే టీచర్‌ని ప్రశ్నల్లోకి తేవద్దని నా సలహా. తెస్తే బడుల సంఖ్య పెంచాలి, పార్ట్‌టైం మనిషికి అది కుదిరే పని కాదు.

---

ఒంగోలు_సత్యం · జూన్ 24, రాత్రి 8:45

నా గోడు కూడా ఒకసారి వినండి మేడమ్. నేను ప్రశ్నలు ముందు రాసేసుకుని, స్కేలు తర్వాత వెతుక్కున్నాను. ఇంగ్లిష్ స్కేలు దొరికింది, తెలుగు చేసుకున్నా. పైలట్‌కి వెళ్తే "గణితం నాకు సవాలుగా ఉంటుంది" అన్న వాక్యానికి బాగా చదివే పిల్లలు కూడా "ఏకీభవించను" టిక్ పెట్టారు. కూర్చోబెట్టి అడిగితే, సవాలంటే పందెం కాసి గొడవకి దిగడం అనుకున్నారు! "నాకు గణితమంటే భయం లేదు" అన్నదానికి "ఏకీభవించను" అంటే భయం ఉన్నట్టా లేనట్టా అన్నది సగం మందికి తేలలేదు, నిజం చెప్పొద్దూ నాక్కూడా ఒక్క క్షణం తేలలేదు. ఆ భాగం మొత్తం తీసేయాల్సి వచ్చింది. దానితో పాటే మూడో పరిశోధన ప్రశ్న పోయింది. అప్పటికే సినాప్సిస్ పాసై ఉంది. మార్పు కోసం మళ్లీ దరఖాస్తు, మళ్లీ కమిటీ, ఆరు నెలలు గాలికి.

ప్రశ్న రాసిన రోజే దానికి ఏ వాక్యం అడుగుతారో పక్కన రాసుకోండి. పది మంది పిల్లల చేత గట్టిగా చదివించి, "దీనికి నీకేం అర్థమైంది" అని అడగండి. రెండు మధ్యాహ్నాల పని.

---

సుజాత_9బి · జూన్ 27, రాత్రి 9:15

మూడు రోజులు కూర్చుని తిరగరాశాను. దయచేసి చూడండి.

"తొమ్మిదో తరగతి గణితంలో హోంవర్క్ చూసి రాయడం ప్రభుత్వ హైస్కూళ్లలో సర్వసాధారణం. దీనికి కారణం ఆసక్తి లేకపోవడమో, పునాది లేకపోవడమో అని ఉపాధ్యాయులు అనుకుంటారు. కానీ లెక్క స్వయంగా చేయగలిగిన పిల్లలు కూడా చూసి రాస్తున్నారు. ప్రేరణపై జరిగిన అధ్యయనాలు ఎక్కువగా స్కేలు మొత్తం స్కోరును మార్కులతో పోల్చాయి. అలా పోల్చినప్పుడు చేయలేక చూసి రాసేవారు, చేయగలిగీ చూసి రాసేవారు ఒకే గుంపులో కలిసిపోతారు. చేయగలిగిన పిల్లలను ఆపుతున్నది తమపై నమ్మకం లేకపోవడమా, తప్పు బయటపడుతుందన్న భయమా అన్నది తెలియదు. అది తెలియనంతవరకు ఇద్దరికీ ఒకే రెమెడియల్ తరగతి అందుతుంది. ఈ విషయంపై ఇంతవరకు ఏ అధ్యయనమూ జరగలేదు."

ప్రశ్నలు:

1. హోంవర్క్ చూసి రాసే 9వ తరగతి విద్యార్థుల్లో, అదే రకం లెక్కను స్వయంగా చేయగలిగినవారు ఎంత శాతం?
2. చేయగలిగీ చూసి రాసేవారికీ, చేయలేక చూసి రాసేవారికీ మధ్య, తమపై నమ్మకం, గణితం పనికొస్తుందన్న భావన, తప్పు బయటపడుతుందన్న భయం అనే మూడింట్లో దేనిలో తేడా ఉంది?
3. చేయగలిగీ చూసి రాసినవారు అందుకు ఏ కారణాలు చెబుతారు?

---

డైట్_పాతకాపు · జూన్ 28, ఉదయం 7:50

ఇప్పుడు గణితం తీసి ఇంగ్లిష్ పెట్టండి, వాక్యం తడబడుతుంది. బాగుంది.

రెండుచోట్ల పట్టుకుంటారు. "సర్వసాధారణం" అన్నారు, మీ దగ్గరున్నది ఒక్క సెక్షన్. "పరిశోధకురాలి తరగతిలో 36 పుస్తకాల్లో 27" అని ఉన్నది ఉన్నట్టు రాయండి, దానికే బలం ఎక్కువ. రెండోది చివరి వాక్యం. "ఏ అధ్యయనమూ జరగలేదు" అన్న మాట ఎవరూ నిరూపించలేరు, కమిటీలో ఎవరో ఒకరు ఒక థీసిస్ పేరు చెబితే చాలు, అక్కడితో సరి. శోధ్‌గంగలో ఏ మాటలతో వెతికారో, ఏ సంవత్సరాల వరకు వెతికారో, దొరికినవాటిలో ఈ రెండు గుంపులను విడదీసినవి ఉన్నాయో లేదో రాయండి. అక్కడ తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల ఎడ్యుకేషన్ థీసిస్‌లు చాలానే దొరుకుతాయి.

---

పల్లవి_గణాంకం · జూన్ 28, ఉదయం 11:30

రెండో ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. మీరు పోలుస్తున్నది చూసి రాసే రెండు గుంపుల్నే. చేయగలిగి, సొంతంగానే చేసుకొచ్చే పిల్లలు ఎక్కడ? "చేయగలిగినా ఎందుకు చూసి రాస్తారు" అన్నదానికి సరైన పోలిక వాళ్లతోనే. వచ్చినవాళ్లలో కొందరు చూసి రాస్తారు, కొందరు రాయరు, మధ్య తేడా ఏమిటి? రానివాళ్లతో పోలిస్తే నమ్మకంలో తేడా వస్తుంది, వచ్చి తీరుతుంది, అందులో కొత్తేముంది?

ఇంకొకటి, మీ బడి పిల్లల్ని శాంపిల్లో పెట్టకండి. మీ ఎదుటే "భయం లేదు" అని నింపుతారు.

---

సుజాత_9బి · జూన్ 28, రాత్రి 9:30

పల్లవిగారూ, మూడో గుంపు సంగతి నాకు తట్టనే లేదు. మారుస్తాను. కానీ అసలు చిక్కు ఇంకోటి. చూసి రాశారో లేదో ఎలా తేల్చాలి? నా క్లాసులో కొట్టివేత దొరికింది కాబట్టి పట్టుకున్నాను. ఆ రోజు కాగితం మీద సరిగ్గా చేసిన 11 మందీ నిజంగా సొంతంగానే చేశారని కూడా ప్రమాణం చేయలేను.

---

పల్లవి_గణాంకం · జూన్ 28, రాత్రి 10:10

పిల్లల్నే అడగండి, పేరు లేకుండా. పేరు బదులు కోడ్ నంబర్ ఇస్తే చిన్న పరీక్ష కాగితాన్నీ ప్రశ్నావళినీ జత చేసుకోవచ్చు. పరీక్ష రెండు సెట్లుగా ఇవ్వండి, పక్కవాడి సంఖ్యలు వేరుగా ఉండేలా.

---

డైట్_పాతకాపు · జూన్ 29, ఉదయం 8:05

కోడ్ నంబరంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లలకు బాగా తెలుసమ్మా. నంబరేసి ఇచ్చిన కాగితం మీద "నేను చూసి రాస్తాను" అని ఎవడు రాస్తాడు? నా మాట వింటే సర్వే వదిలేసి నాలుగు బడుల్లో నోటుబుక్కులు చూసి, ఓ 30 మందితో కూర్చుని మాట్లాడమంటాను. అప్పుడు మూడో ప్రశ్నే ప్రధాన ప్రశ్న అవుతుంది.

---

పల్లవి_గణాంకం · జూన్ 29, ఉదయం 9:40

30 మందితో "ఎంత శాతం" అన్న మొదటి ప్రశ్న పోతుంది సార్. పైగా నోటుబుక్కు చూసి ఇది కాపీ అని చెప్పేది ఎవరు? ఇద్దరు టీచర్లు విడివిడిగా చూసి ఒకే మాట చెబుతారా? నాకు నమ్మకం లేదు.

---

పదోతరగతి_అమ్మ · జూన్ 29, మధ్యాహ్నం 2:20

నాది కాని చర్చలో మళ్లీ దూరుతున్నా, ఏమీ అనుకోకండి. ఇదంతా చదివి మా వాడిని అడిగాను. గైడ్ చూసి రాస్తాడని నాకు తెలుసు. "నీకు వచ్చిన లెక్కలు కూడా ఎందుకురా చూసి రాస్తావు" అంటే, "గైడ్లో స్టెప్పులు వేరేగా ఉంటాయి, మా సార్ ఆ స్టెప్పులకే మార్కులేస్తారు" అన్నాడు. భయమో కాదో నాకు తెలియదు.

---

సుజాత_9బి · జూన్ 29, రాత్రి 9:00

అమ్మా, మీరు చెప్పింది నా మూడు కారణాల్లో ఏదీ కాదు! భయం కాదు, నమ్మకం లేక కాదు, మార్కుల లెక్క వేసుకుంటున్నాడు. నా స్కేల్లో ఈ కారణానికి చోటే లేదు. మరి రెండో ప్రశ్న ముందు రావాలా, మూడో ప్రశ్న ముందు రావాలా? ముందు పిల్లలతో మాట్లాడి, వాళ్లు చెప్పిన కారణాలతో స్కేలు తయారు చేసుకోవాలేమో.

---

ఒంగోలు_సత్యం · జూన్ 29, రాత్రి 9:50

అదే దారి. అయితే క్యాలెండర్ చూసుకోండి. డీఈవో ఆఫీసు పర్మిషన్, 18 ఏళ్లలోపు పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకాలు, వీటికే నెలన్నర పట్టింది నాకు. ఎస్‌ఏ-1 లోపు మాట్లాడటం ముగిస్తేనే సంక్రాంతి తర్వాత సర్వేకి వెళ్లగలరు. ఫిబ్రవరి వస్తే ఏ హెడ్మాస్టరూ పీరియడ్ ఇవ్వడు.

---

సుజాత_9బి · జూలై 9, రాత్రి 10:30

ప్రశ్నల వరస మార్చి, మూడో గుంపును కలిపి, "ఏ అధ్యయనమూ జరగలేదు" తీసేసి ఇచ్చాను. ఇవాళ తిరిగి వచ్చింది. స్టేట్‌మెంట్ మీద ఎర్ర పెన్ను లేదు. ముందు ఇంటర్వ్యూలు అన్నదానికి టిక్ పెట్టారు. "ఎంత శాతం" ప్రశ్న చుట్టూ మాత్రం పెద్ద సున్నా చుట్టి, పక్కన "చూసి రాశాడని ఎలా తేలుస్తావు?" అని రాశారు. సోమవారం వెళ్లి కలవాలి. కోడ్ నంబరు, నోటుబుక్కు, రెండు దారులూ ఆయన ముందు పెడతాను. పల్లవిగారూ, ఆ రెండు సెట్ల పరీక్ష నమూనా ఏదైనా ఉంటే పంపగలరా?